రచయితల పేర్ల కుదింపు: ఎట్ ఆల్ నియమాలు

పరిశోధన పత్రానికి రచయితలు ఎక్కువమంది ఉన్నప్పుడు కొన్ని పేర్లు మాత్రమే రాసి, మిగిలినవారి బదులు ‘ఎట్ ఆల్’ అని చేర్చడం రివాజు. ‘మరియు ఇతరులు’ అనే అర్థమిచ్చే లాటిన్ మాటకు ఇది పొట్టి రూపం. ప్రతి శైలీ రెండు అంకెలను నిర్ణయిస్తుంది. ఎంతమంది ఉంటే కుదించాలన్నది మొదటిది, కుదించాక ఎన్ని పేర్లు నిలుపుకోవాలన్నది రెండోది. శైలుల మధ్య తేడాలన్నీ దాదాపు ఈ రెండింటి దగ్గరే వస్తాయి.

ఎనిమిదిమంది కలిసి రాసిన ఒక పత్రాన్ని తీసుకుందాం. ఆధారాల జాబితాలో వైద్యరంగపు ఏఎంఏ శైలి మొదటి ముగ్గురిని రాసి ఎట్ ఆల్ పెడుతుంది. ఆరుగురి వరకైతే అందరినీ రాస్తుంది. ఇంజనీర్ల ఐఈఈఈ కూడా ఆరుగురి దాకా ఒప్పుకుంటుంది కానీ, ఆ హద్దు దాటితే ఒక్క పేరే మిగులుస్తుంది. సాహిత్య విభాగాల్లో వాడే ఎంఎల్ఏకు ముగ్గురున్నా ఎక్కువే, అక్కడా మొదటి పేరే ఉంటుంది. మనోవిజ్ఞానంలో పుట్టిన ఏపీఏ 2019 నాటి ఏడో కూర్పు ప్రకారం ఎనిమిది పేర్లూ రాయాలి. ఆ జాబితాలో ఇరవైమంది దాకా అందరికీ చోటుంది. అంతకు మించితే మొదటి పంతొమ్మిది పేర్లు, మూడు చుక్కలు, చివరి రచయిత పేరు వస్తాయి. ఎట్ ఆల్ అక్కడ కనిపించదు. చాలా విజ్ఞానశాఖల్లో చివరి పేరు ప్రయోగశాల పెద్దది కాబట్టి, దాన్ని నిలపడం మంచి పద్ధతి.

జాబితాలో ఇంత ఉదారంగా ఉండే ఏపీఏ వ్యాసం మధ్యలో మాత్రం ముగ్గురు ఉంటే చాలు, తొలి ప్రస్తావనలోనే కుదించమంటుంది. చిక్కు ఇక్కడే వస్తుంది. రెడ్డి, రావు, శర్మ, ఖాన్ కలిసి 2018లో ఒక పత్రం రాశారనుకుందాం. అదే ఏడాది రెడ్డి, రావు, వర్మ, దాస్ మరొకటి రాశారు. రెండూ ‘రెడ్డి ఎట్ ఆల్, 2018’ అయిపోతే పాఠకుడు ఏది వెతకాలి? అందుకే తేడా తెలిసేవరకు పేర్లు పెంచాలి. అలా పెంచితే మొదటిదానికి రెడ్డి, రావు, శర్మ వస్తాయి, మిగిలింది ఖాన్ ఒక్కరే. ఎట్ ఆల్ బహువచనం, ఒక్కరి బదులు నిలబడదు. కనుక నాలుగు పేర్లూ రాయాల్సిందే. రెండో పత్రానికీ అంతే. కుదింపు గుర్తింపును చెడగొట్టకూడదన్న ఈ నియమం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

జొటేరో వంటి ఉపకరణాలు వాడే సీఎస్ఎల్ ఫైళ్లలో ఆ రెండు అంకెలూ నేరుగా కనిపిస్తాయి. ఏఎంఏకు ఇలా:

```
et-al-min="7" et-al-use-first="3"
```

అంటే ఏడుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే కుదించు, ముగ్గురిని ఉంచు. పని ఉపకరణం చేస్తుంది కాబట్టి రచయితల గడిలో ఎట్ ఆల్ అని చేత్తో టైపు చేయకూడదు. చేస్తే అది దాన్నీ ఒక మనిషి పేరుగానే లెక్కిస్తుంది. జాబితాలో ‘ఆల్’ ఇంటిపేరులా, ‘ఎట్’ పొడి అక్షరంలా తేలితే కారణం ఇదే. పైగా, అలా చేత్తో కుదించి ఉంటే, పత్రికను మార్చి ఏఎంఏ నుంచి ఏపీఏకు వెళ్లినప్పుడు మొదట రాయని పేర్లు ఉపకరణంలో ఎక్కడా దొరకవు, మూల పత్రం తెరిచి ఒక్కొక్కటీ ఎక్కించుకోవాలి.