పిల్లుల్లో క్లోమశోథం

పిల్లి క్లోమగ్రంథికి వచ్చే వాపు. జీర్ణరసాలు పేగులోకి చేరకముందే గ్రంథిలో చురుకై, దాని కణజాలాన్నే దెబ్బతీస్తాయి. కారణం చాలాసార్లు దొరకదు.

కుక్కల్లో వాంతులు, కడుపునొప్పి బయటపడతాయి. పిల్లి మాత్రం నొప్పిని దాచుకుంటుంది. మంచం కింద ముడుచుకు పడుకోవడం, గిన్నె దాకా వచ్చి వాసన చూసి తినకుండా వెళ్లిపోవడం తప్ప వేరే లక్షణమే ఉండకపోవచ్చు. వాంతులు లేవని ధైర్యపడకూడదు. పిల్లుల క్లోమ లైపేజ్ రక్తపరీక్షను, అల్ట్రాసౌండ్‌ను కలిపి చూసి వైద్యులు నిర్ధారిస్తారు. స్కాన్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనలేం.

చికిత్సలో సెలైన్, నొప్పికి బ్యుప్రినార్ఫిన్, వికారానికి మారోపిటాంట్ ఇస్తారు. ఇంట్లోని పారాసెటమాల్ ఎంతమాత్రం వేయకూడదు, అది పిల్లులకు విషం. బ్యాక్టీరియా సోకిన ఆనవాళ్లు లేకుంటే యాంటీబయాటిక్స్ అక్కర్లేదు.

అసలు ప్రమాదం పస్తు. కొద్ది రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి తెస్తుంది. బొద్దు పిల్లుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే కడుపు మాడ్చరు. ఆకలి పెంచే మిర్టజపిన్‌తోనూ తినకపోతే గొట్టం వేస్తారు. 4 కిలోల పిల్లికి విశ్రాంతిలో రోజుకు సుమారు 200 కిలోకేలరీలు కావాలి. మొదటి రోజు అందులో మూడో వంతు, అంటే 65 దాకా, చిన్న చిన్న విడతలుగా ఎక్కించి, వాంతి కాకపోతే మూడు నాలుగు రోజుల్లో పూర్తి మోతాదుకు తెస్తారు. ముక్కు గొట్టంలో ద్రవాహారమే పోతుంది. మెడ దగ్గర అన్నవాహికలో అమర్చిన గొట్టంతో ఇంటి దగ్గరే వారాల తరబడి మెత్తని ఆహారం పెట్టవచ్చు.