విదేశాల్లో రోమింగ్ బిల్లు: లెక్క తీరు, ఖర్చు తగ్గే మార్గం

విదేశంలో దిగిన వెంటనే భారతీయ సిమ్ అక్కడి నెట్‌వర్క్‌కు అనుసంధానమవుతుంది. ఆ సంస్థ వినియోగ లెక్కలను స్వదేశీ సంస్థకు పంపి సొమ్ము రాబట్టుకుంటుంది. ఆ మొత్తం స్వదేశీ సంస్థ నిర్ణయించిన ధరలో వినియోగదారునిపై పడుతుంది. లెక్కలు ఆలస్యంగా అందితే కొన్ని ఛార్జీలు తిరిగివచ్చాక బిల్లులో కనిపిస్తాయి.

స్వదేశంలో ఉచితమైన ఇన్‌కమింగ్ కాల్‌కు కూడా రోమింగ్‌లో సాధారణంగా నిమిషాల లెక్కన రుసుము ఉంటుంది. ప్యాక్ లేకుంటే డేటా మరింత భారం. ఎంబీకి 50 రూపాయలు అనుకుంటే, ఫోన్ తనంతట తాను ఫొటోలు బ్యాకప్ చేస్తూ 200 ఎంబీ వాడినా 10,000 రూపాయలవుతుంది.

ఐదు రోజులు బ్యాంకాక్ వెళ్లేవారికి రెండు సిమ్‌ల పద్ధతి అనుకూలం. బయలుదేరేముందే ఇంట్లో వైఫైపై థాయిలాండ్ ఈ-సిమ్‌ను ఫోన్‌లో చేర్చుకోవాలి. ఫోన్ ఈ-సిమ్‌కు అనువుగా లేకపోతే, అక్కడి విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపి పర్యాటక సిమ్ కొనవచ్చు. డేటాకు కొత్త సిమ్‌ను ఎంచుకుని, భారతీయ సిమ్‌లో డేటా రోమింగ్ ఆపేయాలి.

అయితే భారతీయ సిమ్‌ను పూర్తిగా ఆపితే బ్యాంకు ఓటీపీలు అందవు. అంతర్జాతీయ రోమింగ్ సేవను ముందే ప్రారంభించి ఉంచితే చాలు. వచ్చే ఎస్ఎంఎస్‌లకు సాధారణంగా రుసుము ఉండదు. ఆ నంబరుకు వచ్చే కాల్ ఎత్తితే మాత్రం ఛార్జీ తప్పదు. విమానం, ఓడల్లోని నెట్‌వర్క్‌లు చాలా దేశీయ ప్యాక్‌ల పరిధిలోకి రావు గనుక అక్కడ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో ఉంచాలి.