పర్లాకిమిడి, పారళాఖేముండి: పటాలలో ఒక ఊరి పేర్లు

మద్రాసు రాజధాని కాలపు ఇంగ్లీషు పటాలు తీసి చూస్తే మహేంద్రతనయ నది ఒడ్డున ఒక ఊరు కనిపిస్తుంది. ఒక పటంలో దాని పేరు పార్లాకిమెడి, మరొకదానిలో పర్లాకిమిడి. ఇంకొకదానిలో పర్లా ఒక మాటగా, కిమెడి వేరే మాటగా విడదీసి ఉంటుంది. నేటి ఒడిశా ప్రభుత్వ పటంలో అదే చోట పారళాఖేముండి అని ఉంటుంది. తెలుగువారు పర్లాకిమిడి అంటారు. 1992 నుంచి గజపతి జిల్లాకు ముఖ్యపట్టణమైన ఊరు ఇదే. గిడుగు రామమూర్తి పంతులు 1880లో ఉపాధ్యాయుడిగా చేరి, తర్వాత సవర భాష మీద కృషి చేసినదీ ఇక్కడే. ఇన్ని పేర్లలో ఏది సరైనదని మన విద్యార్థులు అడుగుతూ ఉంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. ఎందుకంటే ఆ ఒక్క ప్రశ్నలో రెండు మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి.

మొదట తేల్చుకోవలసింది పేరును కాదు, చోటును. రెండు పటాలు చూపుతున్నది ఒకే ఊరినా అన్నది చూడాలి. ఈ పనికి పేరు పనికిరాదు. అక్షాంశ రేఖాంశాలు, నదులు, కొండలు పనికివస్తాయి. పర్లాకిమిడి సుమారు 18 డిగ్రీల 46 నిమిషాల ఉత్తర అక్షాంశం, 84 డిగ్రీల 5 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. సర్వే ఆఫ్ ఇండియా పాత పద్ధతిలో 74వ నంబరు పటం 84 నుంచి 88 డిగ్రీల రేఖాంశాలకు, 16 నుంచి 20 డిగ్రీల అక్షాంశాలకు మధ్య ఉన్న ప్రాంతం. దానిని డిగ్రీకొకటి చొప్పున పదహారు ముక్కలు చేసి, ఎడమ వరుస పైనుంచి కిందికి ఎ, బి, సి, డి అంటూ అక్షరాలిచ్చారు. ఒక్కొక్క ముక్కను మళ్ళీ అదే క్రమంలో పదహారు చేసి అంకెలిచ్చారు. ఆ లెక్కన మన ఊరు 74 బి/1 అనే షీటులో పడుతుంది. అయితే అది షీటు అడుగంచుకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అందువల్ల చుట్టుపక్కల గ్రామాలు వెతికేవారు దాని కిందనున్న 74 బి/2 కూడా పక్కన పెట్టుకోవాలి. ఒకే షీటు చూసి, గ్రామం కనబడలేదు కనుక అది అంతరించిందని రాసేయడం అరుదైన పొరపాటేమీ కాదు.

చోటు చూడకుండా పేరును నమ్మితే ఏమవుతుందో తెలియాలంటే దూరం పోనక్కరలేదు. పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలుమార్గం నౌపడ దగ్గర మొదలయింది. ఆ నౌపడ శ్రీకాకుళం జిల్లాలో ఉంది. ఒడిశా పటంలో నువాపడా అనే జిల్లా ఉంది. కలహండి నుంచి విడదీసి 1993లో ఏర్పరచినది. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటి రెండు అక్షరాలే తేడా. రైలుమార్గం అక్కడ మొదలయిందనుకుంటే చరిత్ర వందల మైళ్ళు పక్కకు జరిగిపోతుంది.

చోటు ఒకటే అని తేలినా మరొక చిక్కు ఉంది. పాత పటాల మీద పర్లాకిమిడి అన్న పేరు రెండు విధాలుగా ఉంటుంది. చిన్న చుక్క పక్కన రాసినది పట్టణం పేరు. దూరదూరంగా పరచిన అక్షరాలతో, కొండల మీదుగా సాగిపోయేది జమీందారీ పేరు. తాలూకాకూ అదే పేరు ఉండేది. పాత రికార్డులో జనసంఖ్య కనబడితే అది ఈ మూడింటిలో దేనిదో చూసుకొని గానీ ఎత్తి రాసుకోకూడదు.

ఇక పేరు సంగతి. పర్లాకిమిడి, పారళాఖేముండి అన్నవి రెండు పేర్లా, ఒకే పేరు రెండు నోళ్ళలో పడిన రూపాలా? పక్కపక్కన పెడితే జవాబు తెలుస్తుంది. ఒడియాలో ఉన్న ళకారం తెలుగు రూపంలో లకారమయింది, ముందున్న అచ్చు జారిపోయింది. ఖకారంలోని ఒత్తు తెలుగు నోట నిలవలేదు. డకారం ముందు ఒడియాలో ఉన్న సున్న తెలుగులో లేదు. డకారం ముందరి నాసిక్యం ఉండటం, పోవడం మన భాషలో కొత్త కాదు. అరసున్న పుట్టిందే అందుకు. కాబట్టి ఇవి ఒకే పేరు. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ పోలిక రెండూ ఒకటేనని చెప్పడానికి సరిపోతుంది గాని, ఏది మూలం, ఏది మార్పు అని చెప్పడానికి సరిపోదు. ఒత్తులు ఉన్న రూపం, సంస్కృతానికి దగ్గరగా ఉన్నట్టు కనిపించే రూపం పాతదని అనుకోవడం మనకు అలవాటు. పండితులు తరువాత దిద్దిన రూపం కూడా అలాగే కనిపిస్తుంది. ఏది ముందో చెప్పగలిగేది తేదీ ఉన్న శాసనమో, పత్రమో మాత్రమే.

ఇంగ్లీషు రూపాల తేడా వేరే రకం. అది నోటి తేడా కాదు, రాత తేడా. ఇంగ్లీషు అక్షరాలలో ల, ళ అనే భేదం లేదు, ద, డ అనే భేదం లేదు. విన్న అధికారి తన చెవికి తోచినట్టు రాసిన కాలంలో కిమిడి కాస్తా కిమెడి అయింది. తర్వాత హంటర్ పేరుతో పిలిచే లిప్యంతరీకరణ పద్ధతి వచ్చి ఒక క్రమం ఏర్పడింది గాని, అప్పటికే వాడుకలో పాతుకుపోయిన రాతలను చాలావరకు కదిలించలేదు. అందుచేత కిమెడి, కిమిడి అన్న రెండు ఇంగ్లీషు రాతల మధ్య ఏదో చరిత్ర ఉందని వెతకడం వృథా శ్రమ.

మూడో రకం తేడా అన్నిటికంటే మోసపుచ్చేది. పర్లాకిమిడికి ఈశాన్యంగా మరి రెండు జమీందారీలు ఉండేవి. తెలుగులో అవి పెద్దకిమిడి, చినకిమిడి. ఒడియాలో బడఖేముండి, సానఖేముండి. ఇక్కడ పేరులో సగం ఉచ్చారణతో మారింది, సగం అనువాదమయింది. ఒడియాలో బడ అంటే పెద్ద, సాన అంటే చిన్న. సానా అంటే చాలా అనే అర్థంలో వాడే మన తెలుగువాడు సానఖేముండిని పెద్ద సంస్థానం అనుకుంటే అతడిని తప్పుపట్టలేము! పెద్దకిమిడి అని ఒక పటంలోనూ, బడఖేముండి అని మరొకదానిలోనూ చూసినవారు రెండు జమీందారీలని లెక్క వేయకుండా ఉండాలంటే రెండు భాషలూ కొంతైనా తెలియాలి. ఈ పేర్లు గతించినవి కావు. సానఖేముండి పేరుతో నేడు ఒడిశా శాసనసభ నియోజకవర్గం ఉంది.

పటం మీద ఏ రూపం పడిందన్నది ఆ పటం ఎక్కడ, ఎవరి కోసం తయారయిందన్న దాని మీద ఆధారపడుతుంది. 1936 ఏప్రిల్ 1 వరకు ఈ ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాది. ఆనాటి ఇంగ్లీషు పటాల్లో కిమెడి అన్న తెలుగు పోలిక ఉన్న రూపం కనబడటానికి కారణం పాలనా దప్తరాలలో వాడుకలో ఉన్న రూపం అదే కావడం. ఊరిలో ఏ భాషవారు ఎక్కువ అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. అలాగే నేటి పటంలో పారళాఖేముండి అని ఉండటం కూడా ఆ ప్రశ్నకు జవాబు కాదు. సరిహద్దు తగాదాలలో పేరును చూపి ఊరు మాదేనని వాదించడం ఇరుపక్షాలకూ సులువు. చరిత్ర విద్యార్థి మాత్రం పటంలోని పేరును పటం తయారుచేసిన కార్యాలయానికి సాక్ష్యంగానే తీసుకోవాలి. పటం మీద ముద్రణ సంవత్సరంతోపాటు సర్వే సంవత్సరం కూడా ఉంటుంది. ఈ రెంటికీ మధ్య పాతికేళ్ళ ఎడం ఉన్నా ఆశ్చర్యపడనక్కరలేదు. పేరు ఏ కాలానిదో చెప్పేటప్పుడు సర్వే సంవత్సరాన్నే ముందు చూడాలి. అదీ పాత షీటు నుంచి ఎక్కించిన పేరు కాదని తేలితేనే.

ఇప్పుడు నిర్ణయానికి రావచ్చు. నేటి ప్రభుత్వ వ్యవహారాలకు, ఒడిశా ప్రభుత్వం గుర్తించిన పేరే చెల్లుతుంది. అందులో వాదం లేదు. దరఖాస్తులో పర్లాకిమిడి అని రాసి, కార్యాలయం ఒప్పుకోలేదని బాధపడటం తగదు. కానీ అధికారిక నామం ఒక్కటే అయినంత మాత్రాన తక్కినవి తప్పులు కావు. భౌగోళిక నామాల ప్రామాణీకరణ గురించి ఐక్యరాజ్య సమితి 1967లో జెనీవాలో మొదటి సమావేశం జరిపింది. ఆ కృషిలో ఏర్పడిన పరిభాషలో స్థానిక నామం, బయటి నామం అని ఒక విభజన ఉంది. ఒక చోట నాటుకొని ఉన్న భాషలో ఆ చోటికి ఉన్న పేరు స్థానిక నామం. ఆ భాష వాడుకలో లేని దూరపు చోటికి దానిలో పెట్టుకున్న పేరు బయటి నామం. ఈ కొలత పెట్టి చూడండి. పర్లాకిమిడిలో తరతరాలుగా తెలుగువారు ఉన్నారు. కనుక పర్లాకిమిడి అన్నది శ్రీకాకుళంవారు సరిహద్దు ఇవతల నుంచి పెట్టిన పేరు కాదు. ఆ ఊరివారు తమ ఊరిని పిలుచుకొనే పేర్లలో ఒకటి. పారళాఖేముండి అంతే స్థానికం. తెలుగు వ్యాసంలో మొదటిది రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నిజంగా తప్పు అనదగిన రూపాలు లేకపోలేదు. ఇంగ్లీషు రాతను చూసి, ఊరివారి నోట వినకుండా తెలుగులోకి దించిన పరలఖెముండి, పార్లాకెమెడి వంటివి అవి. వీటిని తెలుగువారూ అనరు, ఒడియావారూ అనరు. ఇటీవలి కాలంలో ఇలాంటివే ఎక్కువగా అచ్చవుతున్నాయి.

పాత కాలం గురించి రాసేటప్పుడు ఆ కాలపు పేరు, ఆ కాలపు జిల్లా ముందు రావాలి, నేటివి తర్వాత. రామమూర్తి పంతులు గురించి రాస్తూ ఒడిశాలో ఉద్యోగం చేశారంటే 1880కి సరిపడదు. మద్రాసు రాజధాని గంజాం జిల్లా పర్లాకిమిడిలో, అంటే నేటి ఒడిశా గజపతి జిల్లా పారళాఖేముండిలో అని రాస్తే ఏ పటం తీసుకున్న పాఠకుడికీ ఊరు దొరుకుతుంది. మూలపత్రం నుంచి ఎత్తి రాసేచోట మాత్రం అందులో ఎలా ఉంటే అలాగే ఉంచాలి, దిద్దకూడదు.

ఇది పండితుల పట్టింపు అనిపించవచ్చు. మీ ఇంట్లో 1912 నాటి దస్తావేజు ఉందనుకుందాం. అందులో ఒక గ్రామం పేరు, దాని కింద పర్లాకిమిడి తాలూకా, గంజాం జిల్లా అని ఉంది. గంజాం ఒడిశాలో ఉంది కనుక గ్రామమూ ఒడిశాలోనే ఉంటుందని అక్కడి రెవెన్యూ కార్యాలయాల చుట్టూ తిరగడం మొదలుపెడితే ఏళ్ళు గడిచిపోవచ్చు. 1936లో సంస్థానం మొత్తం ఒడిశాకు పోలేదు. పట్టణంతో సహా ఒక భాగం పోయింది. పాతపట్నం వైపు భాగం మద్రాసులోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలను మళ్ళీ విభజించారు కనుక మండలం పేరు కూడా సరిచూసుకోవాలి. ముందుగా గ్రామాన్ని పాత షీటు మీద నదినీ కొండనూ బట్టి గుర్తించి, ఆ చోటును నేటి షీటు మీద పెట్టి, రాష్ట్ర సరిహద్దుకు ఏ వైపున పడిందో చూడండి. ఏ రాష్ట్రపు రికార్డు గదికి దరఖాస్తు పెట్టాలో అప్పుడు తెలుస్తుంది.