మార్పు ఖర్చు (ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం)

ఒక అమ్మకందారును వదిలి మరొకరి దగ్గరికి పోవడానికి కొనుగోలుదారు భరించాల్సిన డబ్బు, సమయం, శ్రమ, తెలియని చోట ఎదురయ్యే నష్టభయం అన్నింటినీ కలిపి ఆర్థికశాస్త్రంలో మార్పు ఖర్చు అంటారు. కొత్త చోట దొరికే లాభం కన్నా ఈ ఖర్చు ఎక్కువైతే, ధర తక్కువని తెలిసినా ఖాతాదారు కదలడు. దీన్ని అంకెల్లో వివరించిన సిద్ధాంతం 1980లలో రూపుదిద్దుకుంది. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడు పాల్ క్లెంపరర్. కంపెనీలు మొదట చౌకగా ఇచ్చి మనిషిని చేర్చుకుంటాయని, కదలడం కష్టమయ్యాక ధర పెంచి మొదటి నష్టాన్ని రాబట్టుకుంటాయని ఆయన చూపించాడు. కర్నూలు జిల్లా పడమటి తాలూకాల్లో సావుకారి ఖాతా తెరిచిన ఏ రైతుకైనా ఇది కొత్త సంగతి కాదు.

ఇక్కడ అమ్ముడుపోయే సరుకు అప్పు, దాంతో పాటు వచ్చే మార్కెట్ సేవ. కొనుగోలుదారు రైతు. పత్తి అమ్మేటప్పుడు అతను అమ్మకందారుగా కనిపిస్తాడు. జూన్‌లో మాత్రం అతనే కొనుగోలుదారు, కమీషన్ ఏజెంటు అమ్మకందారు. ఈ రెండు బేరాలూ ఒకే మనిషితో జరగడమే కట్టుబాటుకు మూలం. అమిత్ భాదురి 1973లో తూర్పు భారతంలోని భూస్వామి, కౌలుదారు సంబంధాన్ని పరిశీలించి ఇలాంటి ముడినే వివరించాడు. ఆదోనిలో భూస్వామి స్థానంలో మండీ ఉంది.

పుట్టుక

1800లో దత్త మండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన ఆదోని చాలాకాలం మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. నల్లరేగడి నేల, నమ్మలేని వాన, పత్తి పంట ఈ మూడూ ఇక్కడి అప్పు చరిత్రను రాశాయి. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, అంటే 1861-65 మధ్య, పత్తి ధర చుక్కలనంటింది. 1870ల మొదట్లో మద్రాసు నుంచి రాయచూరు వైపు వేసిన రైలు దారి ఆదోని మీదుగా పోయింది. వెంటనే 1876-78 కరువు వచ్చింది. బళ్ళారి, కర్నూలు జిల్లాలు దానివల్ల దారుణంగా నష్టపోయాయి. పత్తి డబ్బు పంట, డబ్బు చేతికి రావడానికి ఆరేడు నెలలు పడుతుంది, అంతవరకూ తినడానికీ విత్తడానికీ ఎవరో ఇవ్వాలి. పంట కొనేవాడే ఆ ఇచ్చేవాడు కూడా అయ్యాడు.

ప్రభుత్వం ఈ ముడిని ఒక్కో కొస పట్టుకుని విప్పాలని చూసింది. 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం తూకం, లైసెన్సు, కమిటీ పెట్టి అమ్మకాన్ని సరిచేయబోయింది. 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం పాత బాకీలను తగ్గించింది. 1966లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం యార్డులకు ఇప్పటి రూపాన్నిచ్చింది. ఇవేవీ వృథా కాలేదు గానీ, అమ్మకాన్ని ఒక చట్టం, అప్పును ఇంకో చట్టం పట్టించుకున్నాయి. రెండింటినీ కలిపి చూసింది ఒక్క సావుకారే. దేశం మొత్తం మీద గ్రామీణ కుటుంబాలు తీసుకున్న అప్పులో సహకార సంఘాలది 3.1 శాతమేనని, వడ్డీ వ్యాపారులది దాదాపు 70 శాతమని 1951-52 నాటి అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే తేల్చింది.

ఖాతా ఎలా కడుతుంది

ఆదోని వ్యవసాయ మార్కెట్ యార్డు రాష్ట్రంలో పత్తికి పేరున్న యార్డు. రైతు పత్తిని తెచ్చి తన కమీషన్ ఏజెంటు పేరు మీద దించుతాడు. కొనే వ్యాపారులు లాటు చూసి ధర వేస్తారు, ఎక్కువ వేసినవారికి సరుకు పోతుంది, కాటా అవుతుంది, హమాలీ, కమీషన్ తీసి లెక్క రాస్తారు. ధర నిర్ణయించేది ఏజెంటు కాదు, వేలం. పైకి పోటీ బాగానే ఉంది. ముడి పడేది లెక్క రాసే చోట: డబ్బు రైతు చేతికి వెళ్ళే ముందే బాకీ, వడ్డీ అందులోంచి కోసుకుంటారు.

దీన్ని ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక రైతు జూన్‌లో విత్తనం, మందులు, సేద్యం కోసం 60,000 రూపాయలు తెచ్చాడు. వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు. డిసెంబరు నాటికి, ఆరు నెలలకు, 7,200 అవుతుంది. బ్యాంకు పంట రుణం ఏడాదికి 7 శాతమనుకుంటే అదే కాలానికి 2,100. తేడా 5,100. ఇక పత్తి 15 క్వింటాళ్ళు. యార్డులో ధర 6,900 పలికింది. 2024-25లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 7,521. మద్దతు ధరకు కొనే భారత పత్తి సంస్థ ఆ ధర ఇచ్చేది తేమ 8 శాతం ఉన్న పత్తికి. ఆపైన ఒక్కో శాతానికి ఒక శాతం ధర కోస్తుంది, 12 దాటితే కొనదు. ఈ రైతు పత్తిలో 10 శాతం తేమ ఉందనుకుంటే క్వింటాలుకు 7,371 వస్తుంది. క్వింటాలుకు 471 చొప్పున 15 క్వింటాళ్ళకు 7,065. వడ్డీ తేడాతో కలిపి ఈ రైతు ఏజెంటు దగ్గర ఉండిపోవడం వల్ల ఏడాదికి 12,165 రూపాయలు పోగొట్టుకుంటున్నాడు.

మరి ఎందుకు మారడు? మారాలంటే ముందు 67,200 ఒకేసారి కట్టి ఖాతా తెగ్గొట్టాలి. 12,165 లాభం వచ్చేది సరుకు అమ్మాక, డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డాక. కట్టాల్సింది మాత్రం దానికి ముందు. కొంత పత్తి సంస్థకు, కొంత ఏజెంటుకు వేద్దామంటే, అప్పు ఇచ్చేటప్పుడే పంటంతా నా దగ్గరే వేయాలన్న మాట అయిపోయి ఉంటుంది. పత్తి తీత కూడా ఒకేసారి కాదు. మొదటి తీతలో వానకు తడిసిన పత్తికి తేమ ఎక్కువ, అది పత్తి సంస్థ గడప తొక్కదు. అదే పత్తిని వ్యాపారి ధర తగ్గించైనా కొంటాడు. కూలీలకు మాత్రం ఆ వారమే డబ్బు కావాలి, అది ఏజెంటు ఇస్తాడు.

ఇవి లెక్కకు అందే ఖర్చులు. వీటికన్నా బరువైనది ఇంకొకటుంది. మార్కెట్ ధర మద్దతు ధర కన్నా కింద ఉన్న ఏడాదే పత్తి సంస్థ కొనుగోలుకు పని పడుతుంది. 2021-22లో పొడవు పింజకు మద్దతు ధర 6,025 ఉంటే ఆదోనిలో పత్తి పది వేలు దాటింది. ఆ ఏడాది పత్తి సంస్థ వైపు చూసిన రైతు ఎవరు? ఏజెంటు అలా కాదు, ప్రతి జూన్‌లోనూ తన అంగట్లో ఉంటాడు. ఈ ఏడు సరుకు అటు వేస్తే వచ్చే జూన్‌లో ఎవరిని అడగాలన్నది రైతు ప్రశ్న. పోటీదారు ఒక సీజను ధర ఇస్తున్నాడు, పాతవాడు అన్ని సీజన్ల హామీ ఇస్తున్నాడు. ఈ రెండింటినీ క్వింటాలు ధరతో పోల్చి రైతుకు లెక్క తెలియదనడం, నా అభిప్రాయంలో, పట్నవాసుల తొందరపాటు.

నమ్మకం కూడా వెంట వచ్చే ఆస్తి కాదు. పదేళ్ళుగా బాకీ సరిగ్గా కట్టిన రైతు పేరు ఆ ఒక్క అంగడి పుస్తకంలోనే ఉంటుంది. పక్క అంగడిలో అతను కొత్తవాడే. అందుకే ఏజెంట్ల మధ్య పోటీ ధర మీద తక్కువగా, బాకీ మీద ఎక్కువగా సాగుతుంది: కొత్త ఏజెంటు పాత బాకీ తీర్చి రైతును తీసుకుంటాడు, మొదటి ఏడాది వడ్డీలో సడలింపు ఇస్తాడు, తర్వాత రాబట్టుకుంటాడు. రైతు మారినట్టే, కట్టు మాత్రం అలాగే ఉంది.

ఉండిపోవడమంతా కట్టుబాటు కాదు. కొందరు ఏజెంటు పని నచ్చి ఉంటారు. తేడా తెలియాలంటే మంచి ధర వచ్చిన ఏడాది బాకీ పూర్తిగా తీరినవాళ్ళను చూడాలి. తీరాక కూడా అక్కడే అమ్మితే అది ఇష్టం. తీరిన ఏడాదే సరుకు వేరే చోటికి పోతే అంతకుముందు పట్టి ఉంచింది బాకీ అని అర్థం. బాకీ తీరీ తీరకముందే కొత్త అడ్వాన్సు ఇవ్వడానికి ఉత్సాహపడే ఏజెంటుకు ఈ పరీక్ష బాగా తెలుసు.

ఎమ్మిగనూరు మార్గం

ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న ఎమ్మిగనూరులో ఇదే ముడి మగ్గం చుట్టూ ఉండేది. మాస్టర్ వీవరు నూలు ఇస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు, నేసిన బట్ట తీసుకుని కూలి ఇస్తాడు. వేరొకరు కూలి ఎక్కువిస్తామన్నా, మగ్గం మీద సగం నేసిన పడుగు మాస్టర్ వీవరుదే, ఇంట్లో అడ్వాన్సూ అతనిదే.

1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంఘం పాత కట్టును తెంపగలిగింది ఎక్కువ కూలి ఇచ్చి మాత్రమే కాదు. నూలు సరఫరా, కూలి, బట్ట అమ్మకం మూడూ తనే చేపట్టింది. నేతన్నలకు ఇళ్ళ కాలనీ కూడా కట్టించింది. మాస్టర్ వీవరు ఇచ్చే మూటలోని ప్రతి వస్తువుకూ బదులు ఇచ్చింది కాబట్టి నేతన్న మూట మొత్తం మార్చుకోగలిగాడు. మిల్లు బట్ట మీద సెస్సు వేసి చేనేతకు ఖర్చు పెట్టే 1953 నాటి కేంద్ర చట్టం ఇలాంటి సంఘాలకు ఊపిరి పోసింది. సంఘానికీ తన సొంత కట్టు ఉంటుంది: వాటా ధనం, సంఘం నూలు, సంఘం ఇల్లు. అమ్మకాలు మందగించి పని ఇవ్వలేని రోజు వస్తే ఆ సభ్యుడు కూడా అంత సులువుగా బయటికి రాలేడు.

ఇటీవలి మార్పులు

మార్పు ఖర్చును నిబంధనలతో తగ్గించిన స్పష్టమైన ఉదాహరణ మొబైల్ నంబరు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు వచ్చింది. ఖాతాదారు గుర్తింపు అతని వెంటే నడిచింది. పత్తి రైతు విషయంలో వెంట నడవాల్సింది అతని బాకీ చరిత్ర, అది ఇంకా అంగడి పుస్తకం దాటి రాలేదు. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ వేలాన్ని కంప్యూటరు మీదికి తెచ్చింది, కొనేవారిని పెంచింది, అప్పును ముట్టుకోలేదు.

కౌలు రైతుకు ఇంకో గడప ఉంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల కార్డు రావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే బ్యాంకు అప్పు కష్టం. ఏజెంటు కార్డు అడగడు.

2025-26 సీజనులో పొడవు పింజకు మద్దతు ధర 8,110కి పెరిగింది. పత్తి సంస్థకు అమ్మాలంటే కపాస్ కిసాన్ అనే యాప్‌లో భూమి, పంట వివరాలు నమోదు చేసి ముందుగా స్లాటు తీసుకోవాలన్న పద్ధతి కూడా అదే ఏడాది వచ్చింది. ధర తేడాను పెంచిన చేత్తోనే మారడానికి ఇంకో మెట్టు కట్టినట్టయింది. ఫోను వాడటం రానివారికి, పేరు మీద భూమి లేనివారికి ఆ మెట్టు ఎత్తు ఎక్కువ.