పొగబంతి నేర్పిన కాంట్రాక్టు పాఠం

1891 నవంబరు. లండన్‌లో చలి ముదురుతోంది. రెండేళ్ళ క్రితం రష్యా వైపు నుంచి యూరప్ అంతటా పాకిన ఇన్‌ఫ్లుయెంజా తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతోంది. ఆ నెల 13న ‘పాల్ మాల్ గెజెట్’ పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. కార్బాలిక్ స్మోక్ బాల్ అనే రబ్బరు బంతిని, దానితోపాటు అచ్చువేసి ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు మూడుసార్లు చొప్పున రెండు వారాలు వాడిన తర్వాత కూడా ఎవరికైనా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌన్లు బహుమతి ఇస్తామని దాని సారాంశం. ఈ విషయంలో తమ చిత్తశుద్ధికి గుర్తుగా రీజెంట్ స్ట్రీట్‌లోని అలయన్స్ బ్యాంకులో 1000 పౌన్లు జమచేశామని కూడా రాశారు.

అది కార్బాలిక్ యాసిడ్ పొడి నింపిన బంతి. దాని గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని బంతిని నొక్కితే పొడి పొగలా లోపలికి వెళుతుంది. ధర 10 షిల్లింగులు. లూయిసా ఎలిజబెత్ కార్లిల్ అనే మహిళ ఆ ప్రకటన చదివి, నవంబరు 20న మందుల దుకాణంలో ఒక బంతి కొన్నారు. రోజుకు మూడుసార్లు తప్పకుండా వాడారు. 1892 జనవరి 17న ఆమెకు ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. న్యాయవాద వృత్తి తెలిసిన ఆమె భర్త 100 పౌన్లు ఇవ్వమని కంపెనీకి ఉత్తరాలు రాశారు. డబ్బు రాలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది.

మన లా కాలేజీల్లో కాంట్రాక్టు చట్టం మొదటి నెలలోనే విద్యార్థి ఈ కేసు పేరు వింటాడు. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే ఆఫర్, యాక్సెప్టెన్స్, కన్సిడరేషన్ అనే మూడు మాటలు వరుసగా ఎదురవుతాయి. తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చినవారికి మూడోది మరీ ఇబ్బంది. నిఘంటువు చూస్తే పరిశీలన, ఆలోచన, మర్యాద అని అర్థాలు కనిపిస్తాయి. ఇక్కడ వాటిలో ఏదీ పనికిరాదు. ఈ మూడు మాటలనూ నిర్వచనాల్లో వెతకడం కన్నా ఆ పొగబంతి వివాదంలో చూడడం తేలిక.

మొదటిది ఆఫర్, అంటే ప్రతిపాదన. కంపెనీ మొదటి వాదన ఇది: ఈ ప్రకటన ఏ ఒక్కరినీ ఉద్దేశించింది కాదు, లోకమంతటితో ఒప్పందం ఎలా కుదురుతుంది? పైగా అది అమ్మకాల కోసం చెప్పుకునే గొప్ప మాత్రమే, మాట ఇవ్వడం కాదు. మామూలు ప్రకటనల విషయంలో ఈ వాదన నిజమే. దుకాణదారు ధరల పట్టీ అచ్చువేస్తే అది ప్రతిపాదన కాదు, వచ్చి బేరం చేయమని పిలుపు మాత్రమే. కొంటానన్న ప్రతిపాదన వచ్చేది కొనుగోలుదారు వైపు నుంచి.

కానీ అప్పీలు కోర్టు న్యాయమూర్తులు లిండ్లీ, బోవెన్, ఎ.ఎల్. స్మిత్ ఈ ప్రకటనను పదం పదం చదివారు. ఏ పని చేయాలో, ఎన్నాళ్ళు చేయాలో, చేస్తే ఎంత వస్తుందో అందులో స్పష్టంగా ఉంది. ఇక మాట్లాడుకోవలసింది ఏమీ మిగల్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, బ్యాంకులో 1000 పౌన్లు జమచేశామన్న వాక్యం ఉంది. ఉత్త గొప్ప చెప్పుకునేవాడు డబ్బు విడిగా తీసి పెట్టానని చెప్పడు. కాబట్టి ఇది కట్టుబడే ఉద్దేశంతో చేసిన ప్రతిపాదనేనని తేల్చారు. బోవెన్ ఇంకో చిక్కుముడి విప్పారు. ప్రతిపాదన లోకమంతటికీ చేయవచ్చు. ఒప్పందం మాత్రం లోకమంతటితో కుదరదు. ముందుకు వచ్చి షరతు నెరవేర్చిన వారితోనే కుదురుతుంది. పరీక్షలో ప్రకటన గురించిన ప్రశ్న వస్తే విద్యార్థి చూడవలసింది ఇదే: ఎదుటివాడు ‘సరే’ అని చేసి చూపిస్తే చాలా, లేక ఇంకా బేరం మిగిలి ఉందా?

రెండోది యాక్సెప్టెన్స్, అంటే అంగీకారం. ఆమె ఒప్పుకుంటున్నట్టు మాకు ఒక్క ముక్క కూడా రాయలేదు కదా అన్నది కంపెనీ వాదన. అంగీకారం ప్రతిపాదకుడికి తెలియజేయాలన్నది సాధారణ సూత్రమే. అయితే ఆ సూత్రం ప్రతిపాదకుడి మేలు కోసం పుట్టింది కనుక అతను దాన్ని వదులుకోవచ్చు. బోవెన్ చెప్పిన ఉదాహరణ తప్పిపోయిన కుక్కది. కుక్కను తెచ్చిచ్చిన వారికి బహుమతి అని ప్రకటిస్తే, చదివినవాళ్ళంతా ముందుగా ‘మేము వెతకడానికి ఒప్పుకున్నాం’ అని ఉత్తరాలు రాస్తారా? కుక్కను పట్టుకుని తెస్తే అదే అంగీకారం. కార్లిల్ గారు రోజుకు మూడుసార్లు బంతి వాడడమే ఆమె సమ్మతి.

మన భారత కాంట్రాక్టు చట్టం అప్పటికి ఇరవై ఏళ్ళుగా అమలులో ఉంది. 1872 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన ఆ చట్టంలోని 8వ సెక్షన్, ప్రతిపాదనలోని షరతులను నెరవేర్చడమే అంగీకారమని చెబుతుంది. ఇంగ్లండు కోర్టు వాదప్రతివాదాల్లో తేల్చుకున్న సంగతి మన దగ్గర అప్పటికే రాతలో ఉందన్నమాట.

దీనికి హద్దు ఎక్కడో 1913లో అలహాబాద్ హైకోర్టు చూపించింది. గౌరీదత్ అనే ఆయన మేనల్లుడు ఇంట్లోంచి వెళ్ళిపోతే, వెతకడానికి మునీమ్ లాల్‌మన్ శుక్లాను హరిద్వార్ వైపు పంపారు. అతను వెళ్ళాక, పిల్లవాణ్ణి వెతికి తెచ్చినవారికి 501 రూపాయలు ఇస్తామని కరపత్రాలు వేశారు. శుక్లా పిల్లవాణ్ణి కనిపెట్టాడు. బహుమతి సంగతి తెలిశాక దావా వేశాడు, ఓడిపోయాడు. పని చేసేనాటికి ప్రతిపాదన ఉన్నట్టే అతనికి తెలియదు. తెలియనిదానికి సమ్మతి ఉండదు. పైగా వెతకడం అతని ఉద్యోగ ధర్మంలో భాగం. కార్లిల్ గారు ప్రకటన చదివి బంతి కొన్నారు, శుక్లా కరపత్రం చూడకుండానే వెతికాడు. రెండు కేసుల తేడా అంతా ఇందులో ఉంది.

మూడోది కన్సిడరేషన్, అంటే ప్రతిఫలం. ఇచ్చిన మాటకు బదులుగా అవతలివైపు నుంచి వచ్చేది. తెలుగులో ప్రతిఫలం అనగానే లాభం గుర్తొస్తుంది. అక్కడే విద్యార్థి తప్పటడుగు వేస్తాడు. మాట ఇచ్చినవాడికి లాభం కలగడం ప్రతిఫలమే. అతను కోరినందుకు అవతలివాళ్ళు కష్టపడడం కూడా ప్రతిఫలమే. ఆమె నుంచి మాకు ఒరిగిందేమిటని కంపెనీ అడిగింది. కోర్టు రెండు జవాబులు చెప్పింది. ఆ ప్రకటన చదివి జనం బంతి వాడితే అమ్మకాలు పెరుగుతాయి, అది లాభం. ఇక కంపెనీ కోరినట్టు రోజుకు మూడుసార్లు, వారాల తరబడి ఘాటైన పొగ పీల్చడం ఆమె పడిన ఇబ్బంది. దుకాణంలో ఆమె ఇచ్చిన 10 షిల్లింగులు బంతికి ధర. 100 పౌన్ల మాటకు ప్రతిఫలం ఈ వాడకం. ఈ రెంటినీ కలిపేస్తే కేసు అర్థం కాదు.

1892 డిసెంబరులో అప్పీలు కోర్టు కంపెనీ అప్పీలు కొట్టేసింది. కార్లిల్ గారు గెలిచారు.

ఈ కేసు వరకు ఇంగ్లీషు పుస్తకం వెంట నడవవచ్చు. కన్సిడరేషన్ దగ్గర మాత్రం దారులు చీలతాయి. ప్రతిఫలం మాట పొందిన మనిషి నుంచే రావాలని ఇంగ్లీషు పుస్తకం చెబుతుంది. దాని వెనక ఒక పెళ్ళి కథ ఉంది. ఇంగ్లండులో విలియం ట్వెడిల్ పెళ్ళి సందర్భంగా అతని తండ్రీ మామగారూ, ఇద్దరూ అతనికి కొంత డబ్బు ఇవ్వాలని ఒకరితో ఒకరు రాసుకున్నారు. మామగారు తన వంతు 200 పౌన్లు ఇవ్వకుండానే చనిపోయారు. అల్లుడు మామగారి ఆస్తి వ్యవహారాలు చూసే అట్కిన్సన్ మీద దావా వేశాడు. నువ్వు ప్రతిఫలం ఇవ్వలేదు కాబట్టి అడిగే హక్కు లేదని 1861లో కోర్టు అంది.

ఇరవై ఏళ్ళకు మద్రాసు హైకోర్టు ముందుకు చిన్నయ్య, రామయ్య పేర్లతో ఒక తగాదా వచ్చింది. పేర్లు చూస్తేనే మనవాళ్ళని తెలుస్తుంది. ఒక తల్లి తన భూములను కూతురికి దానపత్రం రాసింది. తన తోడబుట్టినవారికి ఏటా 653 రూపాయలు చెల్లించాలని అందులో షరతు పెట్టింది. అదే రోజు కూతురు, అలాగే చెల్లిస్తానని వారికి ఒక ఒప్పందపత్రం రాసిచ్చింది. ఆ తర్వాత చెల్లించలేదు. వాళ్ళు నాకేమిచ్చారని ఆమె వాదన. నిజానికి వాళ్ళేమీ ఇవ్వలేదు. భూములిచ్చింది తల్లి.

మన చట్టం 2(డి) సెక్షన్‌లో ఇంగ్లండులో లేని ఒక మాట ఉంది. మాట ఇచ్చినవాడు కోరగా, మాట పొందినవాడు గానీ ‘మరే ఇతర వ్యక్తి గానీ’ ఒక పని చేసినా మానినా అది ప్రతిఫలం. దానపత్రం, ఒప్పందపత్రం ఒకే వ్యవహారంలో భాగాలని, తల్లి ఇచ్చిన భూములే కూతురి మాటకు ప్రతిఫలమని జడ్జి కిండర్స్లీ అన్నారు. కూతురు చెల్లించక తప్పలేదు. తీర్పు ఇండియన్ లా రిపోర్టుల మద్రాసు సిరీస్ నాలుగో సంపుటం 137వ పేజీలో ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కూతురు నేరుగా ఆ తోడబుట్టినవారికే కాగితం రాసిచ్చింది. వాళ్ళు ప్రతిఫలానికి బయటివాళ్ళే కానీ ఒప్పందానికి బయటివాళ్ళు కారు. ట్వెడిల్ రెంటికీ బయటివాడు. ఒప్పందంలో లేనివారు దావా వేయలేరన్నది మన దేశంలోనూ సాధారణ సూత్రమే. చిన్నయ్య కేసు చూపి, ఒప్పందంలో లేని ఎవరైనా దావా వేయవచ్చని రాసే జవాబుపత్రానికి మార్కులు పోతాయి.

ఇంగ్లీషు పుస్తకం చదివేవారు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. అక్కడ ఆఫర్ అన్నదాన్ని మన చట్టం ప్రపోజల్ అంటుంది. ప్రపోజల్‌ను అంగీకరిస్తే అది ప్రామిస్ అవుతుంది. చట్టం 38వ సెక్షన్‌లో ఆఫర్ అనే మాట కనిపిస్తుంది కానీ అక్కడ దాని అర్థం వేరు: ఒప్పుకున్న పనిని చేసి ఇవ్వడానికి సిద్ధపడి ముందుకు రావడం. ఒకే మాటకు రెండు పుస్తకాల్లో రెండు అర్థాలు.

కార్లిల్ గారు 1942లో, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆమె కేసు చదివే విద్యార్థికి ఒక్క మాట. ఇంగ్లీషు పుస్తకం కుడివైపు పెట్టుకుంటే, మన చట్టం రెండో సెక్షన్ ఎడమవైపు తెరిచి ఉంచండి. పుస్తకంలో సూత్రం కనిపించిన ప్రతిసారీ సెక్షన్‌లో ఆ మాట ఉందో లేదో చూడండి. అక్కడ 653 రూపాయల హక్కును నిలబెట్టింది ‘మరే ఇతర వ్యక్తి గానీ’ అన్న ఆ చిన్న మాటే.