ఉల్లిపొర మీద రంగు చుక్క

1831 నవంబరులో లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల మీద ఒక పత్రం చదివాడు. ఆర్కిడ్ పైపొరను సూక్ష్మదర్శినిలో చూస్తే కణం కణానికీ ఒక గుండ్రటి మచ్చ కనిపిస్తోందని అందులో చెప్పాడు. దానికి న్యూక్లియస్ అని పేరు పెట్టింది ఆయనే. అంతకు చాలా ముందే ఫ్రాంజ్ బాయర్ అనే చిత్రకారుడు తన ఆర్కిడ్ బొమ్మల్లో ఆ మచ్చను గీశాడు. కానీ అది కణంలో మామూలుగా ఉండే భాగమని గుర్తించి, పేరుపెట్టి లోకానికి చెప్పింది బ్రౌన్. ఆయన వాడింది ఒకే కటకం ఉన్న సూక్ష్మదర్శిని. ఏ రంగూ వేయలేదు.

రంగు లేకుండా కేంద్రకాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఉల్లిపొరను వట్టి నీటిలో పెట్టి చూసినవాళ్లకు తెలుస్తుంది. కణం నిండా నీరే, కేంద్రకమూ దాదాపు పారదర్శకమే. వెలుతురు దేనిగుండా అయినా ఒకేలా దూసుకుపోతుంది. ఈ చిక్కు విడిపోవడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది. 1858లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో యోసెఫ్ ఫాన్ గెర్లాఖ్ మెదడు ముక్కలకు కార్మైన్ పట్టించబోయాడు. కార్మైన్ అంటే కోచినీల్ పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. చిక్కటి ద్రావణంలో ముక్క అంతా ఎర్రబడి ఏమీ తేలలేదు. బాగా పలచబడిన కార్మైన్‌లో రాత్రంతా ఉండిపోయిన ముక్కలో మాత్రం కణాలు, వాటి కేంద్రకాలు విడివిడిగా కనిపించాయి. పలచటి రంగు, తగినంత సమయం: తాత్కాలిక స్లైడ్‌కు ఇప్పటికీ సూత్రం ఇదే.

తర్వాత రసాయన రంగులు వచ్చాయి. బడి ల్యాబ్‌లో వాడే మెథిలీన్ బ్లూను 1876లో బట్టల అద్దకం కోసమే తయారుచేశారు. ఈ రంగుకు ధనావేశం, కేంద్రకంలోని డీఎన్ఏకు ఋణావేశం ఉంటాయి. అందుకే రంగు అక్కడ గట్టిగా పట్టుకుంటుంది. ఉల్లిపొరకు వాడే సాఫ్రనిన్ కూడా ఈ జాతిదే.

ఉల్లిగడ్డను నిలువుగా కోసి కండగల ఒక రేకు విడదీయండి. దాని లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న వైపు, ఫోర్సెప్స్‌తో లాగితే పలచటి పొర వస్తుంది. వెంటనే వాచ్ గ్లాస్‌లోని నీటిలో వేయాలి. గాలిలో ఉంచితే ఎండి చుట్టుకుపోతుంది, ఆ మడతల్లోనే తర్వాత గాలి ఇరుక్కుంటుంది. గోరంత ముక్క కోసి, పలచటి సాఫ్రనిన్‌లో ఒక నిమిషం లోపు ఉంచి, నీటిలో కడిగి, కుంచెతో స్లైడ్ మధ్యకు తీసుకుని, ఒక చుక్క గ్లిజరిన్ వేయండి.

ఇక కవర్ స్లిప్. చాలా స్లైడ్లు పాడయ్యేది ఇక్కడే. దాన్ని బల్లపరుపుగా పడేస్తే కింద ఉన్న గాలికి పోయే దారి ఉండదు. ఒక అంచును 45 డిగ్రీల వాలులో ఆనించి చుక్కకు తగలనివ్వాలి. ద్రవం ఆ అంచు వెంబడి పాకుతుంది. అప్పుడు రెండో అంచును సూదితో ఆపుతూ, పుస్తకం మూసినట్టు మెల్లగా దించాలి. ద్రవం ముందుకు జరుగుతూ గాలిని తోసేస్తుంది. చుక్క మరీ చిన్నదైతే మూలల్లో బుడగ తప్పదు. పెద్దదైతే కవర్ స్లిప్ తేలుతుంది, అప్పుడు అంచున అద్దుడు కాగితం ఆనించాలి.

అయినా బుడగ వస్తే ఎలా తెలుస్తుంది? చక్కగా గుండ్రంగా, చుట్టూ దట్టమైన నల్లటి అంచుతో, మధ్యలో మెరుస్తూ ఉంటే అది గాలి. గాలి, ద్రవం కలిసేచోట కాంతి బాగా వంగి కటకంలోకి రాకుండా పక్కకు పోతుంది కాబట్టి అంచు నల్లబడుతుంది. ఉల్లి కణాలు అలా ఉండవు. ఇటుకల్లా వరుసగా పొడవుగా ఉంటాయి. కేంద్రకం ఎక్కువగా గోడకు ఆనుకుని, సాఫ్రనిన్ పట్టి ఎర్రగా ఉంటుంది. బుడగను వేలితో గట్టిగా నొక్కితే గాజు పగులుతుంది, కణాలు నలుగుతాయి. సూదితో కవర్ స్లిప్‌ను ఒక పక్క ఎత్తి, ఇంకో చుక్క వేసి, మళ్లీ దించడమే సరైన పని.

బుగ్గ కణాలకు రెండు మార్పులు చాలు. నోరు పుక్కిలించి, శుభ్రమైన టూత్‌పిక్ మొద్దు వైపుతో బుగ్గ లోపల మెత్తగా గీకి, దాన్ని 0.9 శాతం ఉప్పునీటి చుక్కలో కలపాలి. కణకవచం లేని ఈ కణాలు వట్టి నీటిలో ఉబ్బిపోతాయి. పైన మెథిలీన్ బ్లూ ఒక చుక్క వేసి, నిమిషం ఆగి, కవర్ స్లిప్ దించాలి. తీరులేని పలచటి కణాల మధ్య నీలి కేంద్రకం కనిపిస్తుంది. వాటి చుట్టూ ఉన్న సన్నటి నీలి చుక్కలు మన నోటి బ్యాక్టీరియా.

నీటితో చేసిన స్లైడ్ అంచుల నుంచి త్వరగా ఆరుతుంది, ఆరేకొద్దీ గాలి లోపలికి చొరబడుతుంది. గ్లిజరిన్ కొంత ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. బొమ్మ గీయదలిస్తే ఆ గంటలోనే గీసుకోండి.