ఒకే టిక్కెట్టు మీద రెండు సిగ్నళ్ళు

మనలో చాలామంది ఎఫ్ఎఫ్‌టీని లైబ్రరీ కాల్‌గానే చూసుంటాం. కాలేజీలో బటర్‌ఫ్లై బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాక దాని జోలికి ఎవరు పోతారు? నాకు మాత్రం అందులో ఒక పాత చిట్కా అంటే భలే ఇష్టం. దాని కథ బాంబులతో మొదలవుతుంది.

1963లో అమెరికా, రష్యా, బ్రిటన్ కలిసి గాల్లో, నీళ్ళలో, అంతరిక్షంలో అణుపరీక్షలు చెయ్యమని ఒప్పందం రాసుకున్నాయి. భూగర్భ పరీక్షలు మాత్రం వదిలేశారు. వచ్చింది భూకంపమో బాంబో దూరం నుంచి తేల్చడం ఎలా అన్నది పెద్ద తగాదా. సీస్మోగ్రాఫ్ రికార్డులకి ఫూరియర్ విశ్లేషణ చేస్తే తెలుస్తుందని ఐబీఎంలో ఉన్న రిచర్డ్ గార్విన్ ఆశ. జాన్ ట్యూకీ దగ్గర వేగంగా చేసే పద్ధతి ఉందని తెలిసి, దానికి ప్రోగ్రాం రాయమని జేమ్స్ కూలీ వెంటపడ్డాడు. అసలు కారణం మాత్రం చెప్పలేదు, హీలియం-3 స్ఫటికాల కోసమన్నాడు! (పని చేయించుకోవడంలో మేనేజర్లు అప్పుడూ అంతే.) 1965లో ఆ పేపర్ వచ్చింది.

ఆ పేపర్ టైటిల్‌లోనే ‘కాంప్లెక్స్’ అనే మాట ఉంది. చిక్కంతా అక్కడే. సీస్మోగ్రాఫ్ ఇచ్చేవి మామూలు రియల్ నంబర్లు. ప్రోగ్రాం అడిగేది కాంప్లెక్స్. కాబట్టి ప్రతి నంబరు పక్కనా ఇమాజినరీ భాగంగా ఒక సున్నా పెట్టాలి. ఆ కాలపు ఐబీఎం 7094లో మెమరీ మొత్తం 32,768 వర్డ్‌లు. 8,192 శాంపిళ్ళ రికార్డుకి సున్నాలతో కలిపి 16,384 వర్డ్‌లు, అంటే సగం మెషీన్ పోయింది. రెండో రికార్డు కూడా పెడితే ఇక ప్రోగ్రాంకే చోటు లేదు.

మరి ఆ సున్నాల చోట రెండో రికార్డునే కూర్చోబెడితే? చిట్కా అంతే. విడదీయడం ఎలాగంటే, రియల్ సిగ్నల్ స్పెక్ట్రమ్‌కి అద్దం లాంటి గుణం ఒకటుంది: N-k దగ్గర విలువ, k దగ్గరి విలువకి కాంజుగేట్ (తెలుగు మీడియం వాళ్ళకి సంయుగ్మం). రెండో సిగ్నల్‌ని iతో గుణించాం కాబట్టి దాని అద్దంలో గుర్తు తిరగబడుతుంది. అంచేత కూడితే ఒకటి మిగులుతుంది, తీసేస్తే రెండోది.

```
Z  = fft(x + 1j*y)
Zr = conj(roll(Z[::-1], 1))
X  = (Z + Zr) / 2
Y  = (Z - Zr) / 2j
```

చేత్తో చూద్దాం. x = 1, 2, 3, 4; y = 1, 1, 0, 0. కలిపి చేస్తే Z[1] = -1+3i, Z[3] = -3-i వస్తాయి. Z[3] కాంజుగేట్ -3+i. దాన్ని Z[1]కి కూడి సగం చేస్తే -2+2i, అది X[1]. Z[1] లోంచి తీసేస్తే 2+2i, దాన్ని 2iతో భాగిస్తే 1-i, అది Y[1]. విడివిడిగా చేసి చూడండి, అవే వస్తాయి. roll ఎందుకంటే Z[0]కి జత Z[0]యే, Z[3] కాదు. అది మర్చిపోతే అన్ని జతలూ ఒక మెట్టు పక్కకి జరిగిపోతాయి.

1970ల పుస్తకాల్లో ఇది మామూలైపోయింది. బ్రిగమ్ పుస్తకంలో (1974) ఉంది, న్యూమరికల్ రెసిపీస్‌లో twofft పేరుతో ఉంది.

కానీ ఒక మెలిక ఉంది. రెండు సిగ్నళ్ళూ ఒకే సైజులో ఉంటేనే ఈ స్నేహం నిలుస్తుంది. x పది లక్షల దగ్గర, y ఒకటి దగ్గర ఉన్నాయనుకోండి. సింగిల్ ప్రెసిషన్‌లో పది లక్షల దగ్గర పక్క పక్క నంబర్ల మధ్య దూరమే 0.0625. బటర్‌ఫ్లైలో రెండూ కలిసిపోగానే x తాలూకు రౌండింగ్ చెత్త y మీద పడుతుంది. దగ్గర్లో అదిరిన స్టేషన్నీ, దూరంగా సన్నగా వణికిన స్టేషన్నీ కలిపితే, ఆ సన్నటి దాంట్లో లేని ఫ్రీక్వెన్సీలు కనిపిస్తాయి. బాంబా భూకంపమా అని వెతికేది మరి అలాంటి దాంట్లోనే! కనిపెట్టడం తేలికే: yకి అన్నీ సున్నాలిచ్చి చూడండి, Yలో వచ్చిందంతా x నుంచి కారిందే. మందు కూడా తేలికే. yని ముందే 2 ఘాతంతో, ఇక్కడ 2^20తో, పెంచి, చివర్లో భాగించెయ్యడం.

ఇంతకీ సున్నాల గొడవే లేని దారి కూడా ఉంది. బెర్గ్‌లాండ్ 1968లోనే రియల్ నంబర్ల కోసం నేరుగా ఒక అల్గారిథం రాశాడు. 1987లో సోరెన్సెన్ బృందం లెక్కలు వేసి, నేరుగా చేస్తే కూడికలు కూడా తక్కువే అని చూపించింది. అందుకే ఇప్పుడు మనం rfft పిలిచి ఊరుకుంటాం. నన్నడిగితే, rfft చేతిలో ఉండగా ఒక్క సిగ్నల్ కోసం ఈ తిప్పలు అనవసరం.

చిట్కా మాత్రం చావలేదు. కోడింగ్ పోటీల్లో 10^9+7 మాడ్యులోతో పాలినామియల్స్ గుణించేవాళ్ళు ప్రతి గుణకాన్నీ 15 బిట్ల ముక్కలు రెండు చేసి, ఒకటి రియల్‌లో, ఇంకోటి ఇమాజినరీలో పెడతారు. రెండు ముక్కలూ ఒకే సైజు కాబట్టి పైన చెప్పిన కారడం ఇక్కడ బాధ పెట్టదు. లక్ష పదాలున్నా ఒక్కో మొత్తం 2^47 దాటదు, డబుల్‌లో 53 బిట్లున్నాయి. మిగిలిన ఆరు బిట్లలోనే రౌండింగ్ అంతా సర్దుకోవాలి. అందుకే sin, cos టేబుల్‌ని ఒకదాన్నించి ఒకటి గుణించుకుంటూ పోకుండా, ప్రతిదాన్నీ విడిగా లెక్కకట్టాలి.